మా అకౌంట్ మారుతోంది, కొత్త నంబర్ మాత్రం ఈ లేఖలో లేదు

మా దగ్గర బండలు కొనే షాపుల వాళ్లకు, కాంట్రాక్టర్లకు, ముఖ్యంగా ఆ షాపుల్లో కంప్యూటర్ ముందు కూర్చుని మాకు డబ్బు పంపే అకౌంటెంట్లకు,

నమస్కారం. తాడిపత్రిలో మాది బండల పాలిష్ ఫ్యాక్టరీ. మీలో కొందరు మా నాన్న కాలం నుంచి మా దగ్గరే లోడ్లు తీసుకుంటున్నారు, కొందరు నిన్నగాక మొన్న పరిచయమైనవాళ్లు. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, కడప, కర్నూలు, ఎక్కడివాళ్లయినా సరే, ఈ లేఖ మీ అందరికీ కలిపి రాస్తున్నాను. ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు కాబట్టే బహిరంగంగా రాస్తున్నాను. దాచుకోవాల్సింది ఒక్కటే ఉంది, అది మా కొత్త అకౌంట్ నంబర్. అది ఇక్కడ రాయలేదు, రాయను కూడా.

విషయం ఇది. నవంబర్ 1 నుంచి మా బ్యాంకు అకౌంట్ మారుతోంది. కొత్త పాలిష్ లైన్ వేయడానికి లోన్ తీసుకున్నాం. లోన్ ఇచ్చిన బ్యాంకు పెట్టిన షరతుల్లో ఒకటి, మా అమ్మకాల డబ్బు వాళ్ల దగ్గర తెరిచిన అకౌంట్‌లోనే పడాలని. ఇది మామూలు షరతే, లోన్ ఇచ్చేవాళ్లు మన వ్యాపారం ఎలా నడుస్తోందో అకౌంట్‌లో చూసుకోవాలనుకుంటారు. పాత బ్యాంకుతో మాకు ఏ గొడవా లేదు. పాత అకౌంట్‌ను ఎవరూ బ్లాక్ చేయలేదు, ఫ్రీజ్ చేయలేదు, ఆడిట్‌లో పెట్టలేదు. అది వచ్చే మార్చి 31 దాకా తెరిచే ఉంటుంది, దానికి పంపిన ప్రతి రూపాయీ మాకు చేరుతుంది. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, దీనితో కింద చాలా పని ఉంది.

ఇంత చిన్న మార్పుకు ఇంత పెద్ద లేఖ ఎందుకంటే, ఒకసారి దెబ్బ తిన్నాం. మేమొక్కళ్లమే కాదు, మమ్మల్ని నమ్మిన ఒక షాపు ఆయన కూడా తిన్నాడు. ఆయన పేరు, ఊరు చెప్పను. జరిగింది మాత్రం మొత్తం చెప్తాను. ఆయన అనుమతి తీసుకునే చెప్తున్నాను, ఇంకొకరికి జరగకూడదని ఆయన కూడా కోరుకుంటున్నాడు.

2024 జనవరి, సంక్రాంతికి ముందు. ఆయన మా నుంచి నాలుగు లోడ్లు తీసుకున్నాడు, అన్నీ కలిపి బాకీ 6,18,000 రూపాయలు. పండక్కి ముందు లెక్క క్లియర్ చేస్తానన్నాడు. మా ఆఫీసు నుంచి బిల్లులు మెయిల్‌లో పంపాం. మరుసటి రోజు అదే మెయిల్ కింద, అదే వరుసలో, మా ఆఫీసు అడ్రస్ నుంచే ఇంకో మెయిల్ వెళ్లింది: "సార్, మా పాత అకౌంట్ ఆడిట్‌లో ఉంది, అందులో డబ్బు పడితే ఆగిపోతుంది, దయచేసి ఈ బిల్లులకు కొత్త అకౌంట్‌కు పంపండి, సవరించిన బిల్లులు జత చేశాం." ఆ బిల్లులు చూస్తే మావే. మా లోగో, మా జీఎస్‌టీ నంబర్, లారీ నంబర్లు, చదరపు అడుగుల లెక్క, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కింద బ్యాంకు వివరాల రెండు లైన్లు మాత్రం మారాయి. ఆ మెయిల్ మేము పంపలేదు.

అసలు సంగతి ఏమిటంటే, అంతకు కొన్ని వారాల ముందు మా ఆఫీసుకు "మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది, ఇక్కడ లాగిన్ అవ్వండి" అని ఒక మెయిల్ వచ్చింది. మా కుర్రాడు లింక్ నొక్కి, అక్కడ కనిపించిన పేజీలో పాస్‌వర్డ్ కొట్టాడు. అది దొంగ పేజీ. అప్పటి నుంచి ఆ దొంగ మా మెయిల్‌లోనే కూర్చుని ఉన్నాడు. ఎవరికి ఎంత బాకీ, ఎవరు ఎప్పుడు కడతారు, మేము ఎవరిని సార్ అంటాం, ఎవరిని అన్నా అంటాం, అన్నీ చదువుకుంటూ పెద్ద మొత్తం వచ్చే రోజు కోసం ఆగాడు. అంతేకాదు, మా మెయిల్‌లో ఒక ఫిల్టర్ పెట్టాడు. ఆ షాపు ఆయన దగ్గర నుంచి వచ్చే ఏ మెయిల్ అయినా మా ఇన్‌బాక్స్‌లో కనిపించకుండా నేరుగా వేరే చోటికి పోయేలా.

ఇక్కడ నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఒకటుంది. ఆ షాపు ఆయన అజాగ్రత్త మనిషి కాదు. ఆయనకు అనుమానం వచ్చింది. ఆ మెయిల్‌కే రిప్లై పెట్టి అడిగాడు: "అకౌంట్ నిజంగా మారిందా? కన్ఫర్మ్ చేయండి" అని. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "అవును సార్, మారింది, పండక్కి కూలీలకు డబ్బులివ్వాలి, కాస్త త్వరగా పంపండి." అడిగింది మమ్మల్ని అనుకున్నాడు. జవాబు ఇచ్చింది దొంగ. ఆయన అడిగిన మెయిల్ మా కంట పడనే లేదు.

ఆయన ఆర్‌టీజీఎస్ చేశాడు. పేరు దగ్గర మా ఫర్మ్ పేరే, అక్షరం పొల్లు పోకుండా కొట్టాడు. డబ్బు వెళ్లిపోయింది. తర్వాత విషయం తెలిశాక ఆయన మొదట అన్న మాట, "పేరు మీదే కొట్టాను కదయ్యా, వేరేవాళ్లకు ఎట్లా పోయింది?" చాలామందికి ఇప్పటికీ ఇదే అభిప్రాయం ఉంది, పేరు తప్పయితే బ్యాంకు ఆపుతుందని. ఆపదు. నెఫ్ట్‌లో అయినా, ఆర్‌టీజీఎస్‌లో అయినా డబ్బు జమ అయ్యేది అకౌంట్ నంబర్ చూసి. పేరు గడిలో మీరు ఏం రాసినా సరే, నంబర్ ఎవరిదైతే డబ్బు వాళ్లదే.

మాకు తెలిసింది పదకొండు రోజుల తర్వాత. పండగ అయ్యాక నేనే ఫోన్ చేసి "అన్నా, లెక్క సంగతి?" అని అడిగితే, ఆయన "పంపి పదకొండు రోజులైంది" అన్నాడు, యూటీఆర్ నంబర్ పంపాడు. మా అకౌంట్‌లో వెతికితే లేదు. అప్పుడు 1930కి ఫోన్ చేశాం, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాం, ఆయన బ్యాంకుకు పరిగెత్తాడు. కానీ డబ్బు పడిన రోజే ఆ అకౌంట్ నుంచి ఇంకో నాలుగైదు అకౌంట్లకు, అక్కడి నుంచి ఇంకెక్కడికో చేరిపోయింది. చివరికి ఆపగలిగింది 41,000. అది వెనక్కి రావడానికి కూడా కోర్టు ఆర్డర్ కోసం నెలలు తిరిగాడు ఆయన. మిగతాది పోయింది. ఆయనా నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. పాస్‌వర్డ్ పోగొట్టుకున్నది మేము, ఫోన్ చేయకుండా పంపింది ఆయన. నష్టాన్ని చెరి సగం పంచుకున్నాం. సగం అంటే మాలాంటి ఫ్యాక్టరీకి ఎన్ని నెలల లాభమో మీకు తెలుసు.

ఇప్పుడు మేము నిజంగానే అకౌంట్ మారుస్తున్నాం. అంటే ఆ రోజు దొంగ చెప్పిన అబద్ధాన్నే ఇవాళ మేము నిజంగా చెప్పాలి. నాకున్న భయం ఇదే. మేము అందరికీ "మా అకౌంట్ మారింది" అని ఒక మెయిల్, ఒక వాట్సాప్ పెట్టేస్తే, మీకు అలాంటి మెసేజ్ నమ్మడం మేమే అలవాటు చేసినట్టు. రేపు దొంగ ఇంకోటి పెడితే "అవును, మారుస్తున్నామన్నారు కదా" అని పంపేస్తారు. మన వైపు బ్యాంకులు కలిసిపోయినప్పుడు కూడా ఇదే అలవాటు అయింది. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ కెనరాలో కలిశాయి, తర్వాత ఐఎఫ్ఎస్‌సీలు మారాయి. 2025 మే 1 నుంచి కడప కేంద్రంగా ఉన్న మన ప్రగతి గ్రామీణ బ్యాంకు కూడా మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. అందుకే "బ్యాంకు మారింది సార్, కొత్త వివరాలు ఇవి" అని ఎవరన్నా చెబితే మనకు వింతగా అనిపించదు. దొంగకు కావాల్సింది కూడా అదే, వింతగా అనిపించకపోవడం.

కాబట్టి మేము ఎలా చేస్తున్నామో వరుసగా చెప్తాను.

కొత్త అకౌంట్ వివరాలు మీకు కాగితం మీద వస్తాయి. మా లెటర్‌హెడ్ మీద, నా సంతకం, ఫ్యాక్టరీ స్టాంపుతో, మీ షాపు అడ్రస్‌కు స్పీడ్ పోస్ట్‌లో. మెయిల్‌లో రాదు, వాట్సాప్‌లో రాదు, లారీ డ్రైవర్ చేతికి ఇచ్చి పంపం, ఫోన్ చేసి "రాసుకోండి" అని చెప్పం. ఈ లేఖనే కాపీ చేసి కింద అకౌంట్ నంబర్ అంటించి ఎవరన్నా పంపొచ్చు, అందుకే మళ్లీ చెప్తున్నా, ఈ లేఖలో అకౌంట్ నంబర్ కనిపించిందంటే అది దొంగ కాపీ.

కాగితాన్ని కూడా దాని మొహం చూసి నమ్మొద్దు. లెటర్‌హెడ్ ప్రింట్ చేయడం, స్టాంపు చేయించడం ఎంతసేపు? కాగితం అందాక మీరు మాకు ఫోన్ చేయాలి. ఏ నంబర్‌కు? ఆ కాగితం మీద ఉన్న నంబర్‌కు కాదు, అసలు ఆ కాగితం మీద మేము ఫోన్ నంబర్ వేయనే లేదు. మీ దగ్గర ఫైల్లో నిరుటి పాత బిల్లు ఒకటి ఉంటుంది, పింక్ కాగితం కార్బన్ కాపీ. దాని మీద ఉన్న నంబర్‌కు చేయండి. ఫోన్‌లో మా పేరుతో సేవ్ అయి ఉన్న నంబర్‌ను కూడా ఆ బిల్లుతో ఒకసారి పోల్చి చూసుకోండి, ఎందుకంటే ఈ మోసగాళ్లు కొందరు చాలా ముందుగానే "ఇది మా కొత్త నంబర్, సేవ్ చేసుకోండి" అని మా ఫొటో డీపీగా పెట్టుకుని ఒక మెసేజ్ పెడతారు, అప్పుడు డబ్బు మాట ఎత్తరు, రెండు నెలల తర్వాత ఎత్తుతారు. మా ఫోన్ నంబర్లు మారలేదు. వచ్చే మార్చి 31 దాకా మార్చం కూడా, ఏ ఇబ్బంది వచ్చినా సరే. అకౌంట్, ఫోన్ నంబర్ రెండూ ఒకేసారి మారితే మీకు పట్టుకోవడానికి ఏదీ మిగలదు.

ఫోన్‌లో ఎలా అడగాలి అన్నదీ ముఖ్యమే. చాలామంది కాగితం చూస్తూ నంబర్ మొత్తం చదివి "ఇదేనా?" అంటారు. అవతల ఎవరున్నా "అవును, అదే" అంటారు. హడావిడిలో మా ఆఫీసు కుర్రాడు కూడా సరిగ్గా వినకుండా అవుననొచ్చు. అలా చదవొద్దు. "మీ కొత్త అకౌంట్ నంబర్ చివరి ఆరు అంకెలు మీరే చెప్పండి" అని అడగండి. మేము చెప్తాం, మీరు కాగితంతో పోల్చుకోండి. అలాగే బ్రాంచ్ పేరు కూడా మమ్మల్నే చెప్పమనండి. ఐఎఫ్ఎస్‌సీలో పదకొండు అక్షరాలుంటాయి, మొదటి నాలుగు బ్యాంకువి, ఐదోది సున్నా, చివరి ఆరు బ్రాంచ్‌వి. మా అకౌంట్ తాడిపత్రి బ్రాంచ్‌లోనే ఉంది. మీరు ఐఎఫ్ఎస్‌సీ కొట్టగానే వేరే రాష్ట్రంలో ఏదో బ్రాంచ్ పేరు వచ్చిందంటే అక్కడే ఆగిపోండి. ఆ రోజు మా షాపు ఆయన పంపిన అకౌంట్ మేము ఎన్నడూ పేరు కూడా వినని ఊరి బ్రాంచ్‌ది, తెర మీద కనిపించింది కూడా, కానీ ఆయన చూసింది అంకెలనే.

మేమే మీకు ఫోన్ చేసి అకౌంట్ గురించి మాట్లాడితే? నా గొంతు మీకు పదేళ్లుగా తెలిసినా సరే, "ఒక్క నిమిషం, నేనే తిరిగి చేస్తా" అని పెట్టేయండి. పాత బిల్లు మీది నంబర్‌కు చేయండి. నేను ఏమీ అనుకోను. తెర మీద నా పేరు కనిపించడం కూడా గ్యారంటీ కాదు, నంబర్‌ను మార్చి చూపించే పద్ధతులు ఉన్నాయి.

తర్వాత, బెనిఫిషియరీని యాడ్ చేసేటప్పుడు ఒక పని చేయండి. ఇది 2024 జనవరిలో లేదు, ఉండి ఉంటే బహుశా ఆ డబ్బు మిగిలేది. రిజర్వ్ బ్యాంకు 2024 డిసెంబర్ 30న ఒక ఆదేశం ఇచ్చింది. దాని ప్రకారం 2025 ఏప్రిల్ 1కల్లా నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ ఉన్న బ్యాంకులు ఒక సౌకర్యం పెట్టాలి, డబ్బు పంపే ముందే ఆ అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో పంపేవాళ్లు చూసుకోవచ్చు. అకౌంట్ నంబర్, ఐఎఫ్ఎస్‌సీ కొట్టి వెరిఫై నొక్కితే అవతలి బ్యాంకు రికార్డులో ఉన్న పేరు వస్తుంది. దానికి ఛార్జీ లేదు. నెట్ బ్యాంకింగ్ లేనివాళ్లు బ్రాంచ్‌లో ఫారం ఇచ్చేటప్పుడు కౌంటర్‌లో "పేరు చూసి చెప్పండి" అని అడగొచ్చు.

కానీ దీన్ని కూడా ఎంతవరకు నమ్మాలో తెలుసుకోండి. అది పేరు చూపిస్తుంది, ఆ పేరు మాదో కాదో తేల్చదు, తేల్చాల్సింది మీరే. మా సంగతిలో దొంగ అకౌంట్ సంబంధం లేని ఎవరి పేరు మీదో లేదు, మా ఫర్మ్ పేరులో మొదటి మాట తీసుకుని వెనక "ట్రేడర్స్" తగిలించి తెరిచిన కరెంట్ అకౌంట్ అది. ఈ సౌకర్యం ఉన్నా సరే, తొందరలో చూసేవాళ్లకు "ఆ, వీళ్లదే" అనిపించేది. అందుకే పేరు మొదటి మాట చూసి వదిలేయొద్దు. మా బిల్లు పైన పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు ఎలా ఉందో అకౌంట్ కూడా అచ్చం అలాగే ఉంటుంది. వెనక ట్రేడర్స్ అనో, ఎంటర్‌ప్రైజెస్ అనో తోక ఉందా, లేక ఒక మనిషి పేరు వచ్చిందా, అది మాది కాదు. మేము ఏ పార్ట్‌నర్ సొంత అకౌంట్‌కూ, ఏ గుమస్తా యూపీఐకీ డబ్బు పంపమని అడగం.

ఇంకొక మాట, పెద్ద ఫర్మ్‌ల అకౌంటెంట్లకు. ఇప్పుడు బిల్లుల మీద ఈ-ఇన్వాయిస్ క్యూఆర్ కోడ్ ఉంటుంది కదా, అది స్కాన్ చేస్తే సరైనదే అని వచ్చింది కాబట్టి బిల్లు మొత్తం సరైనదే అనుకునేవాళ్లను చూశాను. ఆ కోడ్‌లో ఉండేది అమ్మేవాళ్ల, కొనేవాళ్ల జీఎస్‌టీ నంబర్లు, బిల్లు నంబర్, తేదీ, మొత్తం, హెచ్‌ఎస్‌ఎన్, ఐఆర్‌ఎన్ లాంటివి. బ్యాంకు అకౌంట్ అందులో ఉండదు. దొంగ కోడ్‌ను ముట్టుకోడు, కింది రెండు లైన్లే మారుస్తాడు. కోడ్ అప్పుడు కూడా సరైనదే అని చూపిస్తుంది. ఈ-వే బిల్లు సంగతీ అంతే.

అన్నీ సరిపోయాక మొదటిసారి పెద్ద మొత్తం పంపొద్దు. మీకు తోచిన ఒక చిన్న మొత్తం పంపండి, 137 రూపాయలో, 264 రూపాయలో, గుండ్రంగా లేనిది. ఎంత పంపారో మాకు చెప్పొద్దు, స్క్రీన్‌షాట్ పంపొద్దు. నెఫ్ట్ అయితే అరగంటకొక బ్యాచ్ వెళ్తుంది, కాబట్టి ఒక రెండు మూడు గంటలాగి పాత బిల్లు మీది నంబర్‌కు ఫోన్ చేసి "ఎంత పడింది?" అని అడగండి. మేము పైసలతో సహా చెప్పగలిగితే ఆ అకౌంట్ మా చేతిలో ఉన్నట్టు. చెప్పలేకపోతే లేనట్టు. ఆ డబ్బు మీ లెడ్జర్‌లో జమ అవుతుంది, ఎక్కడికీ పోదు. చాలా బ్యాంకుల్లో కొత్తగా యాడ్ చేసిన అకౌంట్‌కు మొదట్లో ఇంతే పంపాలని పరిమితి ఎలాగూ ఉంటుంది, ఆ సమయాన్ని దీనికి వాడుకోండి. ఒక విషయం, ఈ పరీక్ష పనిచేసేది మీరు సరైన నంబర్‌కు ఫోన్ చేస్తేనే. మెసేజ్‌లో వచ్చిన కొత్త నంబర్‌కు చేసి అడిగితే దొంగ కూడా 137 అని సరిగ్గానే చెప్తాడు, ఎందుకంటే డబ్బు పడింది వాడి అకౌంట్‌లోనే.

ఇప్పుడు మొదట్లో గుర్తుపెట్టుకోమన్న మాట దగ్గరికి వస్తున్నా. పాత అకౌంట్ మార్చి 31 దాకా తెరిచే ఉంటుంది. మీకు కాగితం రాలేదు, వచ్చింది కానీ ఫోన్ కలవడం లేదు, పేరు సరిపోవడం లేదు, ఇంకేదో అనుమానంగా ఉంది, ఇటు బాకీ కట్టాల్సిన రోజు వచ్చేసింది, టెన్షన్ పడొద్దు, పాత అకౌంట్‌కే పంపేయండి. ఇప్పటికే మీ దగ్గర సేవ్ అయి ఉంది, ఎన్నోసార్లు పంపిన అకౌంట్ అది. అక్కడి నుంచి కొత్తదానికి మార్చుకోవడం మా పని, మా బ్యాంకు మేనేజర్‌కు ఈ ఐదు నెలల సంగతి ముందే చెప్పి ఒప్పించాం. ఒకవేళ ఏప్రిల్‌లో మర్చిపోయి మూసేసిన అకౌంట్‌కు పంపారే అనుకోండి, అవతలి బ్యాంకు జమ చేయలేక వెనక్కి పంపుతుంది, డబ్బు మీ అకౌంట్‌కే తిరిగొస్తుంది. పాతదానికి పంపడంలో పోయేది మహా అయితే ఒకట్రెండు రోజులు. దొంగ అకౌంట్‌కు పంపితే ఏం పోతుందో పైన చెప్పాను.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఎవరన్నా సరే "పాత అకౌంట్ పనిచేయడం లేదు, ఇవాళే కొత్తదానికి పంపండి, లేకపోతే లోడ్ ఆగిపోతుంది" అని చెబితే, ఆ మాటతోనే వాడు దొంగ అని తేలిపోయింది. ఇంకేమీ చూడక్కర్లేదు. మీరు చెక్ చేసుకుంటున్నందుకు పేమెంట్ రెండు రోజులు ఆలస్యమైతే మేము లోడ్ ఆపం, వడ్డీ వేయం. ఇది రాసి ఇస్తున్న మాట. షాపు యజమానులకు ఒక మనవి, మీ అకౌంటెంట్ అమ్మాయి "సార్, వీళ్లకు ఫోన్ చేసి కనుక్కున్నాక పంపుతా" అంటే విసుక్కోకండి. ఆ ఆరు లక్షలు పోయిన రోజు కూడా అకౌంటెంట్ "ఒకసారి ఫోన్ చేద్దామా సార్" అందట, పండగ హడావిడిలో "మెయిల్‌లో కన్ఫర్మ్ చేశారుగా, పంపెయ్" అన్నాడట ఆయన. నాతో ఈ మాట చెప్పినప్పుడు ఆయన ఎంత కుమిలిపోయాడో నేను చూశాను.

మా వైపు మేము ఏం చేశామో కూడా మీకు చెప్పాలి, అడగడానికి మీకు హక్కుంది. ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ఫోన్‌కు కోడ్ వస్తే తప్ప లాగిన్ కాకుండా టూ స్టెప్ పెట్టాం. పాస్‌వర్డ్ ఒక్కటి మారిస్తే సరిపోదు, దొంగ పెట్టిన ఫిల్టర్ అలాగే ఉండిపోతుంది, మెయిల్స్ వాడికి పోతూనే ఉంటాయి, ఈ సంగతి మాకు కూడా ఆలస్యంగా తెలిసింది. జీమెయిల్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో Filters and Blocked Addresses, Forwarding and POP/IMAP అన్న రెండు చోట్ల ఇవాళే చూసుకోండి. మీరు పెట్టని ఫిల్టర్ గానీ, మీకు తెలియని అడ్రస్ గానీ కనిపిస్తే మీ మెయిల్‌లో ఎవరో ఉన్నట్టే. వాట్సాప్‌లో Linked devices కూడా ఒకసారి తెరవండి. మీ మెయిల్ హ్యాక్ అయినా మా మెయిల్ హ్యాక్ అయినా దొంగకు తేడా లేదు, ఇద్దరి మధ్య నడిచే బిల్లు కనిపిస్తే చాలు వాడికి.

ఇక నవంబర్ 1 నుంచి, మా అకౌంట్‌లో డబ్బు పడిన ప్రతి రోజూ సాయంత్రం ఆరులోపు మా ఆఫీసు నుంచి మీకు ఫోన్ వస్తుంది, "ఇంత అందింది" అని. ఆ ఫోన్‌లో మేము చెప్పేది అంతే, మిమ్మల్ని ఏదీ అడగం, ఏ నంబరూ ఇవ్వం. మీరు డబ్బు పంపి సాయంత్రం దాకా మా ఫోన్ రాకపోతే మర్నాటి దాకా ఆగకుండా మీరే చేయండి. 2024లో మమ్మల్ని ముంచింది ఆ పదకొండు రోజులు. అదే రోజు సాయంత్రం తెలిసి ఉంటే చాలావరకు ఆపగలిగేవాళ్లమేమో.

ఎంత జాగ్రత్తపడ్డా పొరపాటు జరిగిపోతే, పంపింది దొంగ అకౌంట్‌కు అని తెలిసిన ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయండి. యూటీఆర్ నంబర్, పంపిన మొత్తం, సమయం, ఏ అకౌంట్‌కు పంపారో చేతిలో పెట్టుకుని చేయండి. వాళ్లు ఆ వివరాలు సిస్టంలో ఎక్కిస్తే అవతలి బ్యాంకు ఆ అకౌంట్‌లో ఇంకా మిగిలిన డబ్బు కదలకుండా ఆపుతుంది. మిగిలితేనే ఆపగలదు, అందుకే నిమిషాలు లెక్క. ఇంకొకరు ఇంకో ఫోన్ నుంచి మీ బ్యాంకుకు చెప్పాలి, ఒకరు ఒకటి అయ్యాక ఇంకోటి చేస్తూ కూర్చోవద్దు. ఆ తర్వాత పోలీస్ స్టేషన్. మాకు కూడా వెంటనే చెప్పండి, మొహమాటపడి దాచొద్దు, ఎందుకంటే మీకు వచ్చిన మెసేజ్ అదే గంటలో ఇంకో పది షాపులకు వెళ్లి ఉంటుంది, మేము వాళ్లకు ఫోన్ చేసుకోవాలి.

స్పీడ్ పోస్ట్ కాగితాలు వచ్చే సోమవారం తాడిపత్రి పోస్టాఫీసు నుంచి బయల్దేరుతాయి. నవంబర్ 10 దాటినా మీకు అందకపోతే చెప్పండి, మళ్లీ పంపిస్తాం, అందాక పాత అకౌంట్ ఉంది. ఆఫీసు ఫోన్ ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఎత్తుతాం, ఈ నెలంతా ఆదివారం కూడా. ఆదివారం ఎత్తేది మా నాన్న. ఆయనకు వినిపించడం కొంచెం తక్కువ, కాస్త గట్టిగా అడగండి, కొత్త నంబర్ చివరి ఆరు అంకెలు పెద్ద అక్షరాల్లో రాసి ఆయన టేబుల్ మీద అద్దం కింద పెట్టాం, నిదానంగా చదివి చెప్తారు.

మీ,
తాడిపత్రి బండల ఫ్యాక్టరీ నుంచి